తుమ్ములు పుట్టేది పరుపులో, గోలి మింగి ఎక్కేది స్కాఫోల్డింగ్: ఈ లెక్క మార్చుదాం



ఈసారి బులెటిన్ జీతాల గురించి కాదు, వీసాల గురించి కాదు. ముక్కు గురించి. నవ్వకండి. తెల్లారి నాలుగింటికి అలారం మోగగానే మీ రూమ్‌లో ఏం వినపడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకరు మొదలుపెడతారు, వరసగా పది పన్నెండు తుమ్ములు. పక్క మంచం మీద ఇంకొకరు అందుకుంటారు. బాత్రూమ్ లైన్‌లో నిలబడ్డవాళ్లలో ఇద్దరు ముగ్గురు కళ్లు నలుపుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ ఉంటారు. "ఏమైందన్నా" అని అడిగితే జవాబు ఒక్కటే: "గల్ఫ్ గాలి పడతలేదు. ఒక గోలి వేసుకుంటే అదే పోతది."

మా పోట్లాట ఈ మాట మీదనే. ఇందులో రెండు తప్పులున్నాయి. పొద్దున్నే వచ్చే ఆ తుమ్ములు చాలామందికి బయటి గాలి వల్ల వచ్చేవి కావు. రాత్రంతా పడుకున్న పరుపు, తల కింది మెత్త, కప్పుకున్న కంబళి, నెత్తి మీది ఏసీ వల్ల వచ్చేవి. ఇక ఆ గోలి తుమ్మును ఆపుతుంది, నిజమే. కానీ దాంతోపాటు మనిషిని మత్తులో ముంచి, ఎండలో చెమట పట్టడం తగ్గించి, అదే మనిషిని మూడో అంతస్తు స్కాఫోల్డింగ్ ఎక్కిస్తుంది. ముక్కు కారితే ఎవరూ చావరు. ఎత్తు మీద కునుకు పడితే ఏమవుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు.

*ఇది జలుబు కాదు*

ముందు ఇది తెలుసుకోండి. జలుబు అంటే వైరస్ వల్ల వచ్చేది. ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, కొంచెం జ్వరం ఉంటాయి, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మీకు నెలల తరబడి రోజూ పొద్దున్నే తుమ్ములు వస్తుంటే, ముక్కు నుంచి నీళ్లలాంటి పలుచని స్రావం కారుతుంటే, ముక్కు లోపలా కళ్లలోనూ దురద పెడుతుంటే, జ్వరం మాత్రం లేకుంటే, అది జలుబు కాదు. దాన్ని డాక్టర్లు ఎలర్జిక్ రైనైటిస్ అంటారు. ఒంటికి పడని పొడి ఏదో ముక్కులోకి పోయినప్పుడు ఒళ్లు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. తుమ్ము, దురద, నీళ్లు, అన్నీ దాని పనే. ఇది అంటురోగం కాదు. పక్కవాడి తుమ్ము మీకు అంటుకోదు. కానీ ఇద్దరూ పడుకున్నది ఒకే రకం పరుపుల మీద, ఒకే ఏసీ కింద కాబట్టి ఇద్దరికీ వస్తుంది.

ఆ పడని పొడి ఏమిటి? రూమ్‌లలో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి డస్ట్ మైట్ అనే దుమ్ము పురుగు. ఇది నల్లి కాదు, కుట్టదు, మామూలు కంటికి కనపడదు. మన ఒంటి మీద నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపులో, మెత్తలో, కంబళిలో బతుకుతుంది. దానికి కావలసినవి వెచ్చదనం, తేమ. మన చెమట ఆ తేమ ఇస్తుంది. సముద్రం పక్కనున్న దుబాయ్, షార్జా, అబుదాబి గాలిలో తేమకు ఎట్లాగూ కొదవ లేదు. ఈ పురుగు మలమే ముక్కుకు పడని పొడి. రెండోది బొద్దింక. దాని మలం, ఉమ్మి, చచ్చి ఎండిన దాని తునకలు కూడా ఇదే పని చేస్తాయి. వీటికి తోడు ఏసీ తేమకు పట్టే బూజు ఉంటుంది.

మరి పొద్దున్నే ఎందుకు? ఎందుకంటే ఆరేడు గంటలు మీ ముక్కు మెత్తకు ఆనుకుని ఉంది. లేవగానే కంబళి దులుపుతారు, రూమ్‌లో అందరూ దులుపుతారు, పొడి అంతా గాల్లోకి లేస్తుంది. పైగా తెల్లవారుజామున ముక్కు లోపలి వాపు సహజంగానే ఎక్కువగా ఉంటుంది. ఏసీ చల్లగాలి దాన్ని ఇంకా రేపుతుంది.

మీది రూమ్ తుమ్మా, సైట్ తుమ్మా అని కనిపెట్టడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. లేవగానే ఎక్కువగా ఉండి, బస్సెక్కి రెండు మూడు గంటలయ్యేసరికి తగ్గిపోతే, సెలవు రోజు రూమ్‌లోనే పడుకుంటే రోజంతా ఉంటే, ఊరికి పోయినప్పుడు మాయమై తిరిగి రాగానే మొదలైతే, అది రూమ్ తుమ్ము. సైట్‌లో కటింగ్, గ్రైండింగ్ దగ్గరికి పోయాక మొదలై, సెలవు రోజు హాయిగా ఉంటే అది సైట్ దుమ్ము. సిమెంటు, రాయి దుమ్ముతో ఊపిరితిత్తులకు వేరే ప్రమాదం ఉంది, దానికి సరైన మాస్క్, నీళ్లు చల్లి కోయడం కావాలి. దాన్ని ఈ వ్యాసంతో కలపొద్దు. ఇక్కడ మాట్లాడేది రూమ్ తుమ్ము గురించి.

*ఆ గోలిలో ఏముంది?*

మనవాళ్లు ఊరి నుంచి తెచ్చుకునే "జలుబు గోలి" వెనక సన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా? చాలా వాటిలో మూడు మందులు కలిసి ఉంటాయి. జ్వరానికి పారాసిటమాల్, తుమ్ములకు క్లోర్‌ఫెనిరమైన్, ముక్కు దిబ్బడకు ఫెనైల్‌ఎఫ్రిన్. మీకు జ్వరం లేదు. అయినా నెలల తరబడి రోజూ పారాసిటమాల్ మింగుతున్నారు. ఆ మీద ఒళ్లు నొప్పులకని ఇంకో పారాసిటమాల్ వేసుకుంటే రెండూ కలిసి మోతాదు దాటి కాలేయానికి ముప్పు తెస్తాయి. ఫెనైల్‌ఎఫ్రిన్ రక్తపోటు పెంచగలదు. బీపీ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

అసలు దొంగ మాత్రం క్లోర్‌ఫెనిరమైన్. ఇది పాతకాలపు యాంటీహిస్టమిన్. నేరుగా మెదడులోకి పోతుంది. మత్తు పెడుతుంది, చూపు మసకబారుస్తుంది, చెయ్యి కదిలే వేగం తగ్గిస్తుంది. రాత్రి వేసుకున్న గోలి మత్తు మర్నాడు డ్యూటీ దాకా మిగలొచ్చు. "నాకు నిద్ర రాదన్నా, అలవాటైంది" అనేవాళ్లు చాలామంది. నిద్ర వచ్చినట్టు తెలియకపోయినా చెయ్యి, కన్ను నెమ్మదిస్తాయి. తాగినవాడు కూడా నాకేం కాలేదనే అంటాడు కదా. మత్తు పెట్టే దగ్గు సిరప్‌లలో వాడే డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్ కూడా ఈ జాతివే. మందు తాగి పైన ఈ గోలి వేసుకుంటే మత్తు రెట్టింపు.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. ఈ పాతరకం మందులు నోరు ఎండగొడతాయి, చెమట పట్టడం తగ్గించగలవు. ఒళ్లు తన వేడిని దించుకునేది చెమటతోనే. జూన్, జులైలలో చెమట తగ్గితే వడదెబ్బ తొందరగా తగులుతుంది. ఇక్కడి ప్రభుత్వం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని ఆపించేది ఒంటికి చల్లబడే వీలు ఇవ్వడానికే. ఆ వీలును మనమే గోలితో చెడగొట్టుకుంటున్నాం. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు ఇవే మందులు మూత్రం బిగపట్టేలా చేస్తాయి. కంట్లో గ్లకోమా ఉన్నవాళ్లకూ మంచివి కావు.

*మరి ఏ గోలి?*

గోలీలే వద్దని మేం అనడం లేదు. పాత గోలి వేసుకుని డ్యూటీకి పోవద్దంటున్నాం. కొత్తరకం యాంటీహిస్టమిన్లు ఉన్నాయి. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మత్తు చాలా తక్కువ పెడతాయి. లొరాటడిన్ పెద్దవాళ్లకు మామూలుగా రోజుకు 10 మిల్లీగ్రాములు ఒక్కటే. ఫెక్సోఫెనడిన్ అయితే నీళ్లతోనే మింగాలి. ఆరెంజ్, ఆపిల్ జ్యూస్‌తో మింగితే ఒంటికి సరిగా పట్టదు, కడుపు మంటకు వాడే యాంటాసిడ్‌తో కలిపి వేసుకున్నా అంతే. మనవాళ్లందరికీ తెలిసిన సెటిరిజిన్ కొత్తరకం లెక్కలోకే వస్తుంది కానీ, కొందరికి బాగానే నిద్ర తెస్తుంది. అందుకని ఏ కొత్త గోలి అయినా మొదటిసారి సెలవు ముందు రోజు రాత్రి వేసుకుని చూడండి. మర్నాడు తల బరువుగా ఉంటే అది మీ గోలి కాదు. క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్, బస్సు నడిపేవాళ్లు, డెలివరీ బైక్ తమ్ముళ్లు, ఎత్తు మీద పనిచేసేవాళ్లు ఈ పరీక్ష చేయకుండా ఏ గోలీతోనూ డ్యూటీ ఎక్కవద్దు. ఒకటి పనిచేయలేదని అదే రోజు రెండో రకం కలిపి మింగవద్దు.

మాంటెలూకాస్ట్ కలిసిన గోలీలు కూడా ఊరి నుంచి సంచులకొద్దీ వస్తున్నాయి. ఈ మందుతో కొందరికి నిద్ర చెడటం, పీడకలలు, మనసు కుంగిపోవడం, చావాలన్న ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా మందుల సంస్థ పెట్టె మీదే గట్టి హెచ్చరిక వేయించింది. ఇల్లు వదిలి ఇంత దూరంలో, అప్పుల లెక్కల మధ్య ఉన్న మనిషి దిగులుగా ఉంటే అది మందు వల్లో, బతుకు వల్లో పక్క మంచం మీదివాడికి ఎట్లా తెలుస్తుంది? డాక్టర్ చూసి రాయకుండా దాన్ని వాడవద్దు. వాడుతూ మనసు తేడాగా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ముక్కు దిబ్బడకు వేసే చుక్కలు, అంటే జైలోమెటజొలిన్, ఆక్సిమెటజొలిన్ ఉన్నవి, నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. అందుకే మనిషిని పట్టుకుంటాయి. అయిదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుపోతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ మూత. రెండేళ్లుగా జేబులో ఆ సీసా లేకుండా నిద్రపోలేని వాళ్లు మన క్యాంపుల్లోనే ఉన్నారు. "ఒక్క సూదితో ఆరు నెలలు తుమ్ములుండవు" అని ఊళ్లో వేసే ఇంజెక్షన్ కూడా చాలాసార్లు ఒంట్లో చాలాకాలం ఉండిపోయే స్టెరాయిడ్. షుగర్ పెంచుతుంది, ఎముకలు బలహీనపరుస్తుంది. సెలవుకు పోయినప్పుడు దానికి చెయ్యి చాపకండి.

రోజూ తుమ్మేవాళ్లకు డాక్టర్లు ముందుగా చెప్పేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. ఫ్లూటికజోన్, మొమెటజోన్, బుడెసొనైడ్ లాంటివి. మోతాదు చాలా తక్కువ, ముక్కులోనే పనిచేస్తుంది, మత్తు పెట్టదు. కానీ మనవాళ్లు దీన్ని రెండు రోజులు కొట్టి "పనికిరాదు" అని పారేస్తారు. ఇది చుక్కల మందు లాంటిది కాదు. పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టవచ్చు, రోజూ కొట్టాలి. కొట్టే తీరు కూడా ముఖ్యం. తల కొంచెం ముందుకు వంచండి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి. మూతి ముక్కు మధ్య గోడ వైపు కాదు, అదే వైపు చెవి దిక్కుకు ఉండాలి. మెల్లగా పీల్చండి. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది, మధ్య గోడ మీద కొడితే ముక్కు నుంచి రక్తం వస్తుంది.

*ఒక రూమ్ కథ*

సోనాపూర్‌లో ఎనిమిది మంది రూమ్. అందులో జగిత్యాల దిక్కు తమ్ముడొకడు, షట్టరింగ్ కార్పెంటర్. ఊళ్లో ఏనాడూ తుమ్ములు లేవు. క్యాంపు మారిన నెలకే మొదలయ్యాయి, రోజూ పొద్దున పదిహేను ఇరవై. సెలవుకు పోయిన నలభై రోజులూ ఒక్కటి లేదు. తిరిగొచ్చిన మూడో రోజు మళ్లీ. వచ్చేటప్పుడు పది షీట్ల జలుబు గోలీలు తెచ్చుకున్నాడు. రాత్రి ఒకటి, తెల్లారి నాలుగింటికి ఒకటి, నాలుగు నెలలు. జూన్‌లో ఒకరోజు రెండో లెవల్ మీద కూర్చుని మేకు కొడుతూ కునికాడు. చేతిలో సుత్తె కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి కథ అంతటితో ఆగింది. ఫోర్‌మన్ దింపేశాడు, వార్నింగ్ లెటర్ చేతికొచ్చింది. ఆ లెటర్‌లో "పనిలో నిర్లక్ష్యం" అని రాశారు. గోలి సంగతి ఎవరూ అడగలేదు, పరుపు సంగతి అసలే అడగలేదు.

రూమ్‌లో కూర్చుని చూస్తే సంగతి తేలింది. అతనిది కింది మంచం, సరిగ్గా ఏసీ ఎదురుగా. పరుపు అతనికన్నా ముందున్న మనిషిది, అంతకుముందు ఇంకెవరిదో. పైన ఒక పలుచటి దుప్పటి తప్ప కవర్ లేదు. కొన్నప్పటి నుంచీ ఉతకని దొడ్డు కంబళి. మంచం కింద అట్టపెట్టెలు, వాటి వెనక బొద్దింకలు. ఏసీ ముందు మూత తీస్తే ఫిల్టర్ జాలీ కనపడలేదు, బూడిదరంగు గుడ్డ కప్పినట్టుంది.

చేసినవి ఇవి. ఏసీ స్విచ్ ఆపి ఫిల్టర్ బయటికి లాగి, కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టారు. రెండు వారాలకోసారి వంతులవారీగా చేయాలని గోడ మీద పేర్లు రాసుకున్నారు. పరుపును సెలవు రోజు డాబా మీద ఎండలో ఒక్కో వైపు మూడు గంటలు పెట్టి, రూమ్‌కు దూరంగా ముక్కుకు గుడ్డ కట్టుకుని దులిపారు. ఎండకు పురుగు చస్తుంది. అయితే దాని మలం చావదు కదా, అందుకే దులపాలి. తర్వాత పరుపుకూ మెత్తకూ జిప్పు ఉన్న కవర్లు తొడిగారు. కంబళి తీసేసి, రెండు పలుచటి నూలు దుప్పట్లు కొన్నారు.

దుప్పటి ఉతకడంలో ఒక కిటుకుంది. చల్లనీళ్లలో ఉతికితే పురుగు చావదు. 60 డిగ్రీల వేడి కావాలి. క్యాంపు మెషిన్‌లో ఆ వేడి లేకపోతే కిచెన్‌లో నీళ్లు సలసలా కాచి, బకెట్‌లో సగం అవి, సగం కుళాయి నీళ్లు కలపండి. దాదాపు ఆ వేడి వస్తుంది. దుప్పటి, మెత్త గలేబు అరగంట నానబెట్టి, తర్వాత ఎప్పటిలా ఉతకండి. వారానికోసారి. కర్రతో ముంచండి, చెయ్యి కాల్చుకోకండి.

మంచం కింది అట్టపెట్టెలు పారేశారు. పొడి చీపురు ఆపి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టారు, ఎందుకంటే పొడి చీపురు దుమ్మును తీయదు, లేపుతుంది. రూమ్‌లో అగరబత్తి, దోమల చుట్ట, సిగరెట్ బంద్. పొగ ఎలర్జీ పుట్టించకపోయినా పుండు మీద కారం లాంటిది. కంపెనీ క్లినిక్ డాక్టర్ స్ప్రే రాశాడు. ఆ పాత గోలి మానేశాడు.

మొదటి వారం ఏ తేడా లేదు. "ఇదంతా దండగ" అని తమ్ముడు అలిగాడు కూడా. మూడో వారానికి తుమ్ములు మూడు నాలుగుకు దిగాయి. పూర్తిగా పోలేదు. పై మంచం అన్న కంబళి దులిపిన రోజు మళ్లీ పది వస్తాయి. అట్లాంటి రోజు లొరాటడిన్ ఒకటి వేసుకుంటాడు. అంతే. కవర్లకు, దుప్పట్లకు ఒకసారి డబ్బు పెట్టాల్సి వచ్చింది, నిజమే. కానీ ఒక మనిషి మాత్రమే చేసుకుంటే సగమే ఫలితం. ఎనిమిది పరుపుల గాలి ఒక్కటే కదా.

ఇంకో పని ఇంట్లోనే చేసుకోవచ్చు, ముక్కు కడగడం. అర లీటరు నీళ్లు కాచి, చల్లార్చి, ఒక టీ చెంచా ఉప్పు కలపండి. చిటికెడు తినే సోడా వేస్తే మంట ఉండదు. సింక్ మీద వంగి ఒక ముక్కులో పోసి వదిలేయండి, తర్వాత రెండోది. కుళాయి నీళ్లు కాచకుండా ముక్కులోకి మాత్రం ఎక్కించవద్దు. అందులో ఉండే సూక్ష్మజీవులు ముక్కులో నుంచి మెదడుకు పోయి ప్రాణం తీసిన కేసులు ఉన్నాయి.

*కంపెనీ పని కంపెనీ చేయాలి*

ఇప్పుడు మీలో కొందరు అంటారు: "అన్నా, పరుపు కంపెనీది, ఏసీ కంపెనీది. మేం ఎందుకు కడగాలి?" న్యాయమైన ప్రశ్న. ఫిల్టర్ కడగడం మనం చేసుకోగలం. లోపలి కాయిల్‌కు, ఫ్యాన్‌కు పట్టిన బూజు తీయడం టెక్నీషియన్ పని. ఏసీ వేయగానే తడిసిన గుడ్డ వాసన వస్తే లోపల బూజు ఉన్నట్టే. నలుగురు చెమట కార్చి పోయిన పరుపును అయిదో మనిషికి ఇవ్వడం వసతి అనిపించుకోదు. వసతిలో ఒక్కో కార్మికుడికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు, గాలి వెలుతురు, ఏసీ ఉండాలని ఇక్కడి నియమాలే చెబుతున్నాయి. తుమ్ములు మన ఒంటి బలహీనత అని చెప్పి, గోలి మన చేతికిచ్చి, మత్తులో పొరపాటు జరిగితే వార్నింగ్ మన చేతికే ఇచ్చే పద్ధతిని మనం ఒప్పుకోకూడదు.

అడిగే తీరు ఉంటుంది. ఒక్కరు పోయి క్యాంప్ బాస్‌తో వాదించవద్దు. రూమ్ మొత్తం సంతకాలతో ఒక కాగితం ఇవ్వండి. అందులో మూడే అడగండి: ఏసీ లోపలి సర్వీస్ ఏ తేదీన చేస్తారు, పాత పరుపులు ఎప్పుడు మారుస్తారు, బొద్దింకలకు మందు ఎప్పుడు పెడతారు. బొద్దింకలకు స్ప్రే కాకుండా మూలల్లో పెట్టే జెల్ అడగండి. స్ప్రే వాసన ముక్కును ఇంకా రేపుతుంది. ఫిల్టర్ ఫోటో, పరుపు ఫోటో తేదీతో సహా దాచుకోండి. సైట్ సేఫ్టీ ఆఫీసర్‌కు కూడా ఒక కాపీ ఇవ్వండి. మత్తు గోలీలు మింగి ఎత్తెక్కుతున్న మనుషులు ఉన్నారని తెలిస్తే అది ఆయన తలనొప్పి కూడా అవుతుంది. ఎన్నిసార్లు చెప్పినా కదలకపోతే కార్మిక శాఖ నంబర్ 600590000 ఉంది. మనకు కష్టం వస్తే భారత దౌత్య కార్యాలయం వారి సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 80046342 ఉంది.

క్లినిక్‌కు పోవడానికి కార్డు ఉంది. 2025 జనవరి నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు కంపెనీ కార్మికులకు ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది చేయించాల్సింది కంపెనీయే. డాక్టర్ దగ్గర "జలుబు" అనకండి. "నాలుగు నెలలుగా రోజూ పొద్దున తుమ్ములు, దురద, జ్వరం లేదు, ఎత్తు మీద పని చేస్తాను, మత్తు లేని మందు కావాలి" అనండి. ఈ ఒక్క వాక్యంతో మీకు రాసే చీటీ మారుతుంది. మీరు ఏ మందులు మింగుతున్నారో, ఆ షీట్లు కూడా తీసుకుపోయి చూపించండి.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఈ బులెటిన్ చదువుతూ కూర్చోవద్దు. రాత్రిళ్లు పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ బిగుసుకుపోవడం ఉంటే ఆస్తమా కావచ్చు. ఒకే వైపు ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉండడం, ఆ వైపు నుంచి రక్తం రావడం, జ్వరంతో మొహం ఎముకలు నొప్పి పెట్టడం, కన్ను వాచడం, ఇవి ఎలర్జీ లెక్కలోకి రావు. డాక్టర్ చూడాల్సిందే.

ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారంటే గోలీల మూట తెప్పించే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకో మాట. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ ఉన్న నొప్పి గోలీలు ఈ దేశంలో కంట్రోల్డ్ మందులు. ముందస్తు అనుమతి లేకుండా ఎయిర్‌పోర్ట్‌లో దొరికితే కేసు అవుతుంది. తెచ్చేవాడికి లోపల ఏముందో తెలియదు, ఇరుక్కునేది వాడే. తుమ్ముల కోసం తమ్ముడిని జైలు పాలు చేయకండి.

ఈ వారం సెలవు రోజున ఒక్క పని చేయండి. మీ జేబులో ఉన్న జలుబు గోలీ షీట్ తిప్పి, వెనక రాసింది చదవండి. ఇంగ్లిష్ రాకపోతే చదవగలిగిన తమ్ముడితో చదివించుకోండి. క్లోర్‌ఫెనిరమైన్ అని ఉంటే దాన్ని డ్యూటీకి తీసుకుపోవద్దు. అదే రోజు ఏసీ మూత తీసి ఫిల్టర్ చూడండి, ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి. ఎవరి రూమ్ ఫిల్టర్ ఎంత దొడ్డుగా ఉందో అందరికీ కనపడితే, ఏసీ సర్వీస్ కోసం ఇచ్చే కాగితం మీద ఎనిమిది సంతకాలు కాదు, క్యాంపు మొత్తం సంతకాలు పడతాయి.